కంపెనీ పేరు, ఉద్యోగం పేరు చెప్పి ఆగిపోయారు: కవర్ లెటర్ కోసం ఏ బలాల గురించి అడగాలి?

పటాన్‌చెరు_డీటీపీ
నేను పటాన్‌చెరులో డీటీపీ సెంటరు నడుపుతున్నాను. చుట్టూ మందుల కంపెనీలు ఉండటం వల్ల రెజ్యూమెలు, కవర్ లెటర్లు రాయించుకోవడానికి వచ్చేవాళ్ళు ఎక్కువ. నిన్న రాత్రి ఒక తమ్ముడి నుంచి వాట్సాప్‌లో వచ్చిన సందేశం మొత్తం ఇంతే: “అన్నా, కవర్ లెటర్ కావాలి. కంపెనీ ఫలానా ఫార్మా. పోస్టు ఎగ్జిక్యూటివ్, క్వాలిటీ కంట్రోల్.” ఆ తరువాత ఒక్క ముక్క లేదు. ఎన్నేళ్ళ అనుభవమో, ఎక్కడ పనిచేస్తున్నాడో, ఏమి చేతనవునో చెప్పలేదు.

గత సంవత్సరం ఇలాగే వచ్చిన మరొక అబ్బాయికి నాకు తోచిన మాటలతో నింపి ఇచ్చాను. పాత నమూనా ఒకటి చూసి అందులో గ్యాస్ క్రోమటోగ్రఫీ అనుభవం ఉందని కూడా రాశాను. ఇంటర్వ్యూలో మొదటి ప్రశ్న దాని మీదే వచ్చిందట. అతను ఆ యంత్రాన్ని దూరం నుంచి చూడటమే తప్ప ఎప్పుడూ నడపలేదు. ఆ ఉద్యోగం పోయింది, ఆ తప్పు నాది. మళ్ళీ అలా జరగకూడదు. “నీ బలాలు ఏమిటి తమ్ముడూ” అని అడిగితే అందరూ “కష్టపడతాను అన్నా, నేర్చుకుంటాను” అనే అంటున్నారు. ఈ రంగం తెలిసినవారు ఏమి అడగాలో చెప్పగలరా?

గోదారి_గట్టు
కొన్ని ఉద్యోగాల వెబ్‌సైట్లలో కవర్ లెటర్ పెట్టె చిన్నదిగా ఉంటుంది, కంపెనీ పేరు, పోస్టు పేరు రాసేసరికి నిండిపోయి ఇక అక్షరాలు తీసుకోదు. మా అబ్బాయికి అలాగే అయింది. ఫోనులో కాకుండా కంప్యూటరులో తెరిచి ప్రయత్నించండి, లేకపోతే పీడీఎఫ్‌గా జతచేయండి.

పటాన్‌చెరు_డీటీపీ
గోదారి_గట్టు గారు, ఆగిపోయింది వెబ్‌సైటు కాదు, ఆ తమ్ముడు. రాయడానికి పెట్టె ఉంది, అందులో పెట్టడానికి సమాచారమే లేదు.

జీడిమెట్ల_వాక్‌ఇన్
దీనికి ఇంత ఆలోచన అవసరం లేదు. క్వాలిటీ కంట్రోల్ అంటే అందరూ చేసే పని ఒక్కటే. హెచ్‌పీఎల్‌సీ, యూవీ, డిసొల్యూషన్, కార్ల్ ఫిషర్, జీఎంపీ, డాక్యుమెంటేషన్ అని వరుసగా పెట్టేయండి. కంపెనీవాళ్ళు ఆ పదాలు ఉన్నాయా లేవా అని వెతుకుతారు, ఉంటే పిలుస్తారు. నాకు మూడు కంపెనీల నుంచి పిలుపు అలాగే వచ్చింది.

క్యూఏ_పరవాడ
జీడిమెట్ల_వాక్‌ఇన్ గారు చెప్పినదాంట్లో సగం నిజం. యంత్రాల పేర్లు లేని లెటరు మా చేతికి వస్తే అతను ఏ బెంచి మీద కూర్చున్నాడో తెలియక పక్కన పెడతాము. కానీ అందరూ చేసే పని ఒక్కటే అన్నమాట సరికాదు. నేను ఇరవై ఏళ్ళకు పైగా క్వాలిటీ కంట్రోల్ అనే క్యూసీలోనూ తరువాత క్వాలిటీ అష్యూరెన్స్ అనే క్యూఏలోనూ పనిచేశాను. “ఎగ్జిక్యూటివ్, క్యూసీ” అనే ఒకే పేరు కింద ముడిసరుకు పరీక్షించేవారు, ప్యాకింగ్ సామగ్రి చూసేవారు, తయారైన మందు పరీక్షించేవారు, మందు నిల్వలో ఎంతకాలం చెడిపోకుండా ఉంటుందో తేల్చే స్టెబిలిటీ నమూనాలు చూసేవారు వేరువేరుగా ఉంటారు. ప్యాకింగ్ సామగ్రి చూసిన మనిషి అయిదేళ్ళయినా హెచ్‌పీఎల్‌సీ యంత్రం ముట్టుకోకుండా ఉండవచ్చు.

దానికి తోడు ఆ కంపెనీకి ఎన్ని యూనిట్లు ఉన్నాయో చూడాలి. మందు మూలపదార్థం తయారుచేసే యూనిట్ అయితే మలినాల పరీక్ష, మిగిలిపోయిన ద్రావకాల పరీక్ష ముఖ్యమవుతాయి, అక్కడ గ్యాస్ క్రోమటోగ్రఫీ నడిపినవాళ్ళు కావాలి. మాత్రలు, క్యాప్సూల్స్ తయారుచేసే యూనిట్ అయితే మందు ఎంత సమయంలో ఎంత కరుగుతుందో చూసే డిసొల్యూషన్, అందులో మందు ఎంత శాతం ఉందో చూసే ఎస్సే చేసినవాళ్ళు కావాలి. కాబట్టి మీరు మొదట అడగవలసింది బలం గురించి కాదు. ప్రకటన ఉంటే పంపమనండి, ఏ యూనిట్‌కో కనుక్కోండి. గత సంవత్సరం ఆ అబ్బాయి విషయంలో జరిగిన పొరపాటు కూడా ఇక్కడే మొదలై ఉంటుంది.

పటాన్‌చెరు_డీటీపీ
ఇప్పుడే అడిగాను, ప్రకటన పంపాడు. మాత్రలు తయారుచేసే యూనిట్, తయారైన మందు విభాగం, మూడు నుంచి అయిదేళ్ళ అనుభవం కావాలన్నారు. ఇక బలాల సంగతి ఎలా అడగాలి?

క్యూఏ_పరవాడ
“బలాలు” అనే మాటే వాడవద్దు. ఆ మాట వినగానే మనిషి ఇంటర్వ్యూ పుస్తకంలోని జవాబు చెబుతాడు. జరిగిన పని గురించి అడిగితే బలం దానంతట అదే బయటపడుతుంది. ఈ పోస్టుకు నేనైతే మూడు సంగతులు అడుగుతాను.

ఒకటి, అతను ఎవరి సహాయం లేకుండా మొదటి నుంచి చివరి దాకా చేసే పరీక్ష ఏది? డిసొల్యూషన్ చేశానని అంటే, మీడియం తయారుచేసి, గాలి తొలగించి, ఆరు పాత్రలలో ఆరు మాత్రలు వేసి, సమయానికి నమూనాలు తీసి, హెచ్‌పీఎల్‌సీలో పెట్టి, లెక్క కట్టేదాకా తనే చేశాడా, లేక నమూనాలు తీసి ఇచ్చేవరకేనా అని అడగండి. ఇక్కడ “మేము చేసేవాళ్ళం” అంటే ఆగి, “నువ్వు ఏమి చేసేవాడివి” అని మళ్ళీ అడగాలి.

రెండు, ఏ సాఫ్ట్‌వేరు మీద పనిచేశాడు? ఎంపవర్, క్రోమెలియన్, ల్యాబ్‌సొల్యూషన్స్, వీటిలో ఏది? ఒకదాని మీద చెయ్యి తిరిగినవాడు మరొకటి నేర్చుకోగలడు, కానీ తెలియనిదాని పేరు రాయకూడదు.

మూడోది అన్నిటికంటే ముఖ్యం. ఫలితం పరిమితి దాటి వచ్చిన రోజు అతను ఏమి చేశాడు? మూడేళ్ళు బెంచి మీద పనిచేసినవాళ్ళకి అలాంటి రోజు ఒక్కటైనా ఎదురై ఉంటుంది. అమెరికా ఎఫ్‌డీఏ 2006లో ఇచ్చి 2022లో సవరించిన మార్గదర్శకం ఈ సందర్భం గురించే. అనుకోని ఫలితం వస్తే, తయారుచేసుకున్న ద్రావణాలు చెడిపోయే రకం కాకపోతే వాటిని పారబోయకుండా ఉంచి సూపర్‌వైజరుకు చెప్పాలని అందులో ఉంది. ఆ రోజు అతని చెయ్యి సింకు వైపు వెళ్ళిందా, ఫోను వైపు వెళ్ళిందా అనేదే మాకు కావలసిన బలం.

వనజ_హెచ్‌ఆర్
నియామకాల వైపు నుంచి ఒక మాట. వాక్-ఇన్‌కు వచ్చేవారి కవర్ లెటర్ నేను దాదాపు ఎప్పుడూ చదవలేదు, రెజ్యూమె, సర్టిఫికెట్లు చూసే తీరిక మాత్రమే ఉంటుంది. ఈమెయిల్‌లో వచ్చేవి వేరు. అక్కడ మెయిల్‌లో రాసిందే కవర్ లెటర్. దాన్ని నేను ఫోనులో చూస్తాను, తెర మీద మొదట కనిపించే నాలుగైదు వరుసలలో ఏ పోస్టు, ఎన్నేళ్ళు, ఏ పరీక్షలు అనే మూడూ తెలియాలి. “మీ ప్రతిష్ఠాత్మక సంస్థలో” అని మొదలుపెట్టి నాలుగు వరుసలు గడిపేస్తే నేను జతచేసిన ఫైలుకు వెళ్ళిపోతాను. నోటీసు ఎన్ని రోజులో, రాత్రి షిఫ్టుకు సిద్ధమో కాదో కూడా అడిగి చివర రాయండి, అందుకోసం మేము మళ్ళీ ఫోను చేయవలసిన పని తప్పుతుంది.

జీడిమెట్ల_వాక్‌ఇన్
క్యూఏ_పరవాడ గారి మూడో ప్రశ్న అనుభవం ఉన్నవారికి సరే. ఇప్పుడే ఎమ్మెస్సీ పూర్తిచేసినవాళ్ళకు అలాంటి రోజు ఎక్కడిది? వాళ్ళు నేను చెప్పినట్టు పదాలు పెట్టుకోక ఏమి చేస్తారు?

క్యూఏ_పరవాడ
కాలేజీ ప్రాజెక్టులో కూడా అలాంటి రోజు ఉంటుంది. ప్రయోగం మొదటిసారి కుదరనప్పుడు ఏమి చేశావు, హెచ్‌పీఎల్‌సీలో స్వయంగా ఎన్ని ఇంజెక్షన్లు పెట్టావు అని అడగండి. కొన్ని కాలేజీలలో యంత్రం ఒక్కటే ఉంటుంది, ముప్పై మంది చుట్టూ నిలబడి చూస్తారు. అలాంటప్పుడు “చూశాను” అని రాయడమే మంచిది. “సిద్ధాంతం తెలుసు, స్వయంగా నడపలేదు” అని రాసిన పిల్లలను మేము తీసుకున్నాము. నడిపానని రాసి కాలమ్ ఎటు బిగించాలో తెలియనివారిని తీసుకోలేదు.

విజయనగరం_లక్ష్మి
నా పరిస్థితి కొంచెం వేరు. నాలుగేళ్ళు స్టెబిలిటీ విభాగంలో చేసి, పాప పుట్టాక మానేశాను. ఇప్పటికి మూడేళ్ళయింది. కవర్ లెటర్ రాయించుకుందామని వెళితే అక్కడ కూడా కంపెనీ పేరు, పోస్టు పేరు మాత్రమే అడిగి రాసి ఇచ్చారు, ఆ మూడేళ్ళ గురించి ఒక్క ముక్క లేదు. అడగకపోవడం నా మీద గౌరవమని వాళ్ళు అనుకున్నారేమో. ఇంటర్వ్యూ చేసినాయన మాత్రం నేను ఏదో దాచానన్నట్టు మాట్లాడారు. అలాంటి విషయం అడగాలా, వద్దా?

వనజ_హెచ్‌ఆర్
లక్ష్మి గారు, అడగాలి. రెజ్యూమెలో తేదీలు కనిపిస్తూనే ఉంటాయి కాబట్టి లెటరులో ఒక వాక్యం ఉంటే చాలు. కుటుంబ వివరాలు అక్కరలేదు, ఎప్పటి నుంచి ఎప్పటి దాకా విరామం, ఇప్పుడు పూర్తికాలం పనికి సిద్ధం అని రాస్తే సరిపోతుంది.

క్యూఏ_పరవాడ
నాకైతే ఒక్క వాక్యం చాలదు. మూడేళ్ళలో ల్యాబులో ఏమి మారిందో ఆమెకు తెలుసని కనిపించాలి. మన దేశంలో మందుల తయారీలో పాటించవలసిన ప్రమాణాలు చెప్పే షెడ్యూల్ ఎమ్‌ను సవరించి 2024 జనవరిలో ప్రకటించారు. లక్ష్మి గారు దాన్ని చదివి ఉంటే, తన పాత విభాగానికి సంబంధించి అందులో ఏమి గమనించారో ఒక మాట రాసుకోవచ్చు. చదవకుండా మాత్రం రాయవద్దు.

సుబ్బయ్య_దరఖాస్తులు
నేను కలెక్టరేటు ఎదుట బల్ల వేసుకుని ముప్పై ఏళ్ళుగా దరఖాస్తులు రాస్తున్నాను. ఇక్కడ అందరూ ముందు అడగండి, తరువాత రాయండి అంటున్నారు. నా అనుభవం దానికి వ్యతిరేకం. ప్రశ్నలు వరుసగా అడిగితే మనిషి బిగుసుకుపోతాడు, అర్జీదారు పోలీసు స్టేషన్లో కూర్చున్నట్టు జవాబిస్తాడు. నేను ముందు ఒక చిత్తు రాసి చదివి వినిపిస్తాను. అందులో తప్పు వినగానే “కాదండీ, అలా జరగలేదు” అని వాళ్ళే అసలు సంగతి చెబుతారు. ఖాళీలు వదిలిన చిత్తు పది ప్రశ్నల పని చేస్తుంది.

పటాన్‌చెరు_డీటీపీ
సుబ్బయ్య గారు, మీ ఎదురుగా మనిషి కూర్చుని వింటాడు. నా దగ్గరకు వాట్సాప్‌లో వస్తారు, చిత్తు పంపితే చదవకుండా “సూపర్ అన్నా” అని అదే కంపెనీకి పంపేస్తారు. గత సంవత్సరం జరిగింది కూడా అదే.

సుబ్బయ్య_దరఖాస్తులు
అయితే ఖాళీలో ఊహించిన మాట కాక గీతలు పెట్టండి. “నేను స్వయంగా చేసే పరీక్ష ________” అని ఉంటే దాన్ని అలాగే పంపలేరు. ఊహించి నింపిన చిత్తు వద్దు అనేది నేను కూడా ఒప్పుకుంటాను.

పటాన్‌చెరు_డీటీపీ
క్యూఏ_పరవాడ గారి మూడు ప్రశ్నలు ఒక్కసారే పంపకుండా ఒకదాని తరువాత ఒకటి, వాయిస్ మెసేజిగా అడిగాను. రాయమంటే రెండు మాటలు రాసేవాడు, మాట్లాడమంటే ఏడు నిమిషాలు మాట్లాడాడు. సారాంశం ఇది.

నాలుగేళ్ళ అనుభవం, తయారైన మాత్రల విభాగం, ఎంపవర్ మీద పని. ఎస్సే, డిసొల్యూషన్ రెండూ మొదటి నుంచి చివరి దాకా తనే చేస్తాడు. ఫలితం దాటిన రోజు గురించి అడిగితే మొదట “అలాంటిది ఏమీ లేదన్నా” అన్నాడు. “ఎప్పుడైనా రిజల్ట్ చూసి భయం వేసిందా” అని మార్చి అడిగాను. అప్పుడు చెప్పాడు.

రెండేళ్ళ క్రితం ఒక రాత్రి షిఫ్టులో ఒక మాత్రల బ్యాచికి ఎస్సే 88.4 శాతం వచ్చింది, పరిమితి 90 నుంచి 110. తెల్లవారితే ఆ బ్యాచి బయటికి వెళ్ళాలి. పక్క బెంచి అతను మళ్ళీ తూచి కొత్తగా చేసుకోమన్నాడట. ఇతను ఫ్లాస్కులు పారబోయకుండా లేబుళ్ళతో సహా బల్ల మీద ఒక పక్కన పెట్టి, సూపర్‌వైజరుకు ఫోను చేశాడు. ఉదయం విచారణలో ఫ్లాస్కును వెలుతురుకు ఎత్తి చూస్తే అడుగున మాత్ర పొడి చిన్న ముద్దగా అంటుకుని ఉంది. ఫ్లాస్కును నీళ్ళలో ఉంచి ధ్వని తరంగాలతో పొడిని విడదీసే సోనికేటర్‌లో నీళ్ళు తగ్గి ఉండటం వల్ల ముద్ద విడిపోలేదని తేలింది. అదే ఫ్లాస్కును మళ్ళీ సోనికేట్ చేసి చూస్తే 98.6 వచ్చింది. ఆ తరువాత పద్ధతి ప్రకారం మళ్ళీ పరీక్ష చేశారు, బ్యాచి పాసైంది. ఇదంతా చెప్పి “ఇది బలం ఎలా అవుతుందన్నా, నా పొరపాటే కదా, నీళ్ళు చూసుకోలేదు” అన్నాడు.

క్యూఏ_పరవాడ
ఇదే కావలసింది. ఆ ఫ్లాస్కులు సింకులో పోసి ఉంటే ఆ ముద్దను ఎవరూ చూసేవారు కాదు, కారణం తేలేది కాదు. కారణం తేలకపోతే మొదటి ఫలితాన్ని కొట్టివేయడానికి ఆధారం ఉండదు, రెండోసారి ఎంత మంచి ఫలితం వచ్చినా అది నిలబడదు. పక్క బెంచి అతను చెప్పినట్టు చేసి ఉంటే కంప్యూటరులో ప్రతి పనీ నమోదయ్యే ఆడిట్ ట్రెయిల్‌లో మొదటి ఫలితం అలాగే కనిపించేది, తరువాతి తనిఖీలో అతని పేరుతోనే ప్రశ్న వచ్చేది.

ఇంకొక్కటి అడగండి. ఆ తరువాత ఏమి మారింది?

పటాన్‌చెరు_డీటీపీ
అడిగాను. సోనికేటర్ వాడే ముందు నీటి మట్టం చూసి సంతకం చేసే గడి లాగ్‌బుక్‌లో చేర్చారట. వాల్యూమ్ సరిచేసే ముందు ఫ్లాస్కు అడుగు చూడాలనే మాట పద్ధతిలో చేర్చమని ఇతనే అడిగాడట.

జీడిమెట్ల_వాక్‌ఇన్
మీరందరూ ఆ అబ్బాయిని ఇరికిస్తున్నారు. తను నీళ్ళు చూసుకోలేదని తన లెటరులో తనే ఒప్పుకుంటే ఎవరు పిలుస్తారు? ఇది ఇంటర్వ్యూలో అడిగితే చెప్పుకోవలసిన సంగతి, లెటరులో పెట్టవలసినది కాదు.

వనజ_హెచ్‌ఆర్
ఈ విషయంలో నేను జీడిమెట్ల_వాక్‌ఇన్ గారి వైపు కొంత ఉంటాను. మొదట లెటరు చదివేది నేను, నాకు ల్యాబు పని తెలియదు. 88.4 అన్న అంకె చూస్తే నాకు ఫెయిల్ అనే అర్థమవుతుంది. క్యూఏ_పరవాడ గారి లాంటి వారి చేతికి చేరే ముందే నేను పక్కన పెట్టే ప్రమాదం ఉంది.

క్యూఏ_పరవాడ
అంకె అక్కరలేదు, ఆ మాట ఒప్పుకుంటాను. అంకె, మందు పేరు, బ్యాచి, ఇవన్నీ పాత కంపెనీ రహస్యాలు కూడా. వాటిని బయటపెట్టినవాడు రేపు మా సంగతులు కూడా బయటపెడతాడు అనుకుంటాము. కానీ సంఘటనను పూర్తిగా తీసేస్తే ఆ లెటరుకు, మిగతా యాభై లెటర్లకు తేడా ఉండదు.

పటాన్‌చెరు_డీటీపీ
లెటరు ఇంగ్లీషులోనే వెళుతుంది, మీరు చూడటానికి తెలుగులో పెడుతున్నాను.

“మీ మాత్రల యూనిట్‌లో ఎగ్జిక్యూటివ్, క్వాలిటీ కంట్రోల్ పోస్టుకు దరఖాస్తు చేస్తున్నాను. తయారైన మందుల విభాగంలో నాలుగేళ్ళుగా పనిచేస్తున్నాను, హెచ్‌పీఎల్‌సీ మీద ఎస్సే, డిసొల్యూషన్ పరీక్షలను ఎంపవర్ సాఫ్ట్‌వేరుతో స్వతంత్రంగా చేస్తాను. ఒక రాత్రి షిఫ్టులో పరిమితికి బయట ఫలితం వచ్చినప్పుడు ద్రావణాలను భద్రపరచి వెంటనే సూపర్‌వైజరుకు తెలియజేశాను, వాటి ఆధారంగానే నమూనా తయారీలోని కారణాన్ని నేను కనుక్కున్నాను. ఆ తరువాత నమూనా తయారీ పద్ధతిలో ఒక తనిఖీని చేర్చాలని సూచించాను. నా నోటీసు కాలం 60 రోజులు, అన్ని షిఫ్టులకు సిద్ధం.”

క్యూఏ_పరవాడ
ఒక్క మాట మార్చండి. “నేను కనుక్కున్నాను” కాదు. విచారణ సూపర్‌వైజరు, క్యూఏ కలిసి చేస్తారు. “విచారణలో కారణం తేలింది” అని రాయండి. అతను చేసింది ఫ్లాస్కులు ఉంచడం, చెప్పడం. దానికి మించి రాస్తే ఇంటర్వ్యూలో మొదటి అయిదు నిమిషాలలోనే తెలిసిపోతుంది.

సుబ్బయ్య_దరఖాస్తులు
అతనికి పంపే ముందు ఫోనులో చదివి వినిపించండి. ఎక్కడ తడబడతాడో అక్కడ రాత అతనిది కాదని తెలుస్తుంది.

జీడిమెట్ల_వాక్‌ఇన్
అంకె లేదు కాబట్టి కొంత నయం. అయినా నేనైతే ఆ వాక్యం పెట్టను.

పటాన్‌చెరు_డీటీపీ
చదివి వినిపించాను. “స్వతంత్రంగా” దగ్గర ఆపాడు. డిసొల్యూషన్ తను స్వతంత్రంగానే చేస్తాడు కానీ, ఎస్సేలో ఇంటిగ్రేషన్ సరిచూడటం సీనియరు చేస్తాడట. ఆ మాటను డిసొల్యూషన్‌కు మాత్రమే ఉంచి, ఎస్సేకు విడిగా వాక్యం రాశాను. పరిమితి దాటిన ఫలితం గురించిన వాక్యం ఉంచాలా తీయాలా అనేది అతనికే వదిలాను, వాళ్ళ అక్కను అడిగి చెబుతానన్నాడు.

విజయనగరం_లక్ష్మి
క్యూఏ_పరవాడ గారు, షెడ్యూల్ ఎమ్ ఈ వారం చదువుతాను. నేను చూసిన స్టెబిలిటీ ఛాంబరులో ఒకసారి రాత్రి కరెంటు పోయి ఉష్ణోగ్రత పెరిగింది, ఉదయం చార్టులో గీత పైకి లేచి ఉండటం నేనే చూసి చెప్పాను. అది ఏడేళ్ళ కిందటి మాట. ఇప్పుడు రాసుకోవచ్చా?

క్యూఏ_పరవాడ
చార్టు చూసిన తరువాత మీరు ఎవరికి చెప్పారు, ఆ ఛాంబరులోని నమూనాలను ఏమి చేశారు? అది చెప్పండి, తరువాత ఏడేళ్ళ సంగతి చూద్దాము.